పెదవులు ఆగిన చోటు: పొందూరు నూలు ఫిల్మ్‌కి చదువుకునే వ్యాఖ్యానం రాసిన కేసు

పొందూరు దగ్గర ఒక ఊళ్లో, కమ్యూనిటీ హాల్లో మా ఫిల్మ్ మొదటిసారి వేసినప్పుడు నేను స్క్రీన్ వైపు చూడలేదు. గోడ పక్కన నిలబడి, ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ల పెదవులు చూస్తూ ఉన్నాను. వాళ్లంతా రాట్నం మీద నూలు వడికేవాళ్లు. చాలామంది పెద్దయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకున్నారు. అలా నేర్చుకున్నవాళ్లు మనసులో చదువుకోరు, పెదవులు కదుపుతూ చదువుతారు. కాబట్టి ఎవరు చదువుతున్నారో, ఎక్కడ ఆగిపోయారో బయటికే కనిపిస్తుంది.

మొదటి నిమిషం దాదాపు అందరి పెదవులూ కదిలాయి. రెండో నిమిషానికి సగం మంది ఆపేశారు. నాలుగో నిమిషానికి ఒకరిద్దరు తప్ప అందరూ బొమ్మ మాత్రమే చూస్తున్నారు. అయిపోయాక ఒక పెద్దావిడ నన్ను పిలిచి, "బాబూ, సదివీలోపలే ఎల్లిపోతంది. సగం నోట్లో ఉంటాది, సగం అక్కడ మాయమైపోతంది" అంది. నాకు అంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

ఆ ఫిల్మ్ పొందూరు సన్న ఖాదీ నూలు గురించి. కొండపత్తి గింజ దగ్గర మొదలై, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వడం, గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం, ఆ నూలుని చుట్టలుగా, అంటే చిలపలుగా కట్టడం వరకు ఒక్కో పనీ చూపిస్తుంది. తీయించినవాళ్లు అడిగింది రెండు విషయాలు. ఊళ్లో ఆడవాళ్లు తమ పని గురించి తామే చూసుకోవాలి, చూస్తూ చదవడం కూడా అలవాటు కావాలి. అందుకే తెలుగు వ్యాఖ్యానానికి తెలుగులోనే సబ్‌టైటిల్స్ పెట్టమన్నారు. వ్యాఖ్యానం రాసింది నేను. సబ్‌టైటిల్స్ కూడా నేనే కోశాను. తప్పు కోతలో ఉందనుకుని రెండు వారాలు దాని మీదే కూర్చున్నాను. అసలు తప్పు రాతలో ఉందని తర్వాత తెలిసింది. ఈ కేసు అంతా ఆ సంగతే.

మామూలుగా సబ్‌టైటిల్ రాసేవాడి దగ్గర ఒక మందు ఉంటుంది. మాట వేగంగా ఉంటే సబ్‌టైటిల్‌ని కుదిస్తాడు. తమిళ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్ వేస్తున్నప్పుడు పాత్ర పది మాటలు అంటే ఆరు రాసి సరిపెట్టవచ్చు, చూసేవాళ్లకి తేడా తెలియదు. వింటున్న భాషే చదువుతున్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. కొత్తగా చదివేవాళ్లు చెవిని పట్టుకుని చదువుతారు. "దువ్వి" అని వినిపించగానే కన్ను ఆ మాటను వెతుక్కుంటుంది, దొరికితే పెదవి కదులుతుంది. వినిపించిన మాట స్క్రీన్ మీద లేకపోతే, "ఎక్కడుంది?" అని వెతకడంలోనే మిగతా లైన్ పోతుంది. ఒకచోట "శుభ్రపరచడం" అని వాయిస్‌లో ఉంటే, చోటు కలిసొస్తుందని సబ్‌టైటిల్‌లో "శుభ్రం" అని కుదించాను. ఒకేసారి స్క్రీన్ మీద కనిపించే సబ్‌టైటిల్ ముక్కని మేం కార్డు అంటాం. హాల్లో సరిగ్గా ఆ కార్డు దగ్గరే ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అంటే సబ్‌టైటిల్‌లో ఉన్నదే వినిపించాలి, వినిపించిందే సబ్‌టైటిల్‌లో ఉండాలి. అప్పుడు చదివే వేగానికి తగ్గవలసింది వాయిస్. వాయిస్ తగ్గాలంటే వ్యాఖ్యానమే మళ్లీ రాయాలి.

ముందు ఎంత వేగానికి రాయాలో తెలియాలి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌కి చాలాచోట్ల లైన్‌కి 42 క్యారెక్టర్లు, కార్డుకి రెండు లైన్లు, ఎక్కువలో ఎక్కువ 7 సెకన్లు అనే లెక్క వాడతారు. నేనూ మొదట ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అదే 42 పెట్టుకుని పని చేశాను. తెలుగుకి ఆ లెక్క పనికిరాదు. కంప్యూటర్ లెక్కలో గుణింతం గుర్తు ఒక క్యారెక్టర్, పొల్లు ఒకటి, వత్తు హల్లు ఇంకొకటి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు క్యారెక్టర్లు. "కొండపత్తి"లో మనకు నాలుగు అక్షరాలు కనిపిస్తే దానికి తొమ్మిది. "వాలుగ"లో మనకు మూడు, దానికి అయిదు. మాట మాటకీ నిష్పత్తి మారుతుంది కాబట్టి ఆ అంకె చూసి పొడవూ చెప్పలేం, వేగమూ చెప్పలేం.

అందుకని అక్షరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇక్కడ అక్షరం అంటే బడిలో పిల్లలు పలికే ముక్క: గుణింతం, వత్తు, సున్నా అన్నీ కలిపి ఒకటి. చేత్తో లెక్కపెడితే కళ్లు పోతాయి కాబట్టి ఈ చిన్న కోడ్ వాడాను. విడిగా వచ్చే అచ్చుల్ని, ముందు పొల్లు లేని హల్లుల్ని మాత్రమే ఇది లెక్కిస్తుంది.

```python
import re
def aksharalu(s):
    return len(re.findall(
        r'[\u0c05-\u0c14]|(?<!\u0c4d)[\u0c15-\u0c39]', s))
```

దీనికి అంకెలు తెలియవు. "1947" స్క్రీన్ మీద నాలుగు అంకెలే కానీ, వాయిస్ "పందొమ్మిది వందల నలభై ఏడు" అని 12 అక్షరాలు పలుకుతుంది. డబ్బు లెక్కల వల్ల, ఫోన్ నంబర్ల వల్ల ఈ ఆడవాళ్లకి అంకెలు మాటలకన్నా బాగా వచ్చు. అందుకే స్క్రీన్ మీద అంకెలే ఉంచాం, సమయం మాత్రం పలికే అక్షరాలకి ఇచ్చాం.

తర్వాత వేగం కొలిచాం. ఏడుగురికి 120 అక్షరాల పేరా ఒకటి కాగితం మీద పెద్ద అచ్చులో ఇచ్చి, పైకి చదవమని, ఫోన్‌లో టైం చూశాం. మొదట ఇచ్చిన పేరా పత్తి గురించే. అది తప్పయింది. వాళ్లకి పత్తి పని కంఠతా వచ్చు కాబట్టి మొదటి రెండు మాటలు చూసి మిగతాది ఊహించి చెప్పేశారు, వేగం ఎక్కువగా వచ్చింది. మర్నాడు బస్టాండులో జరిగే సంగతి ఒకటి తేలిక మాటల్లో రాసి మళ్లీ చదివించాం. అందరికన్నా వేగంగా చదివినావిడకి 27 సెకన్లు పట్టింది. అందరికన్నా నెమ్మదిగా చదివినావిడకి నిమిషం దాటింది. మధ్యలో అయిదుగురూ 36 నుంచి 44 సెకన్ల మధ్య ఉన్నారు. అంటే సెకనుకి సుమారు 3 అక్షరాలు.

మా మొదటి వాయిస్ కొలిస్తే సెకనుకి 5.5 అక్షరాలు వచ్చింది. వ్యాఖ్యానం చెప్పినావిడ తొందరపడిందేమీ లేదు, వినడానికి అది నిదానంగానే ఉంది. కానీ వాళ్లు చదవగలిగే వేగానికి దాదాపు రెట్టింపు. 8 నిమిషాల ఫిల్మ్‌లో ఇంటర్వ్యూలు 2 నిమిషాలు పోను, మిగిలిన 6 నిమిషాలూ ఎడం లేకుండా వ్యాఖ్యానం నింపాను. సుమారు 2,000 అక్షరాలు. ఇప్పుడు 1,000 లోపు తేవాలి.

వాయిస్‌ని నిజంగా సెకనుకి 3 అక్షరాల చొప్పున చెప్పిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం. చిన్నపిల్లకి డిక్టేషన్ చెప్పినట్టు వచ్చింది. వినలేకపోయాం. అందుకని వాయిస్‌ని సెకనుకి 4.5 అక్షరాల దగ్గర ఉంచి, ప్రతి కార్డు చివర మౌనం ఇచ్చాం. మాట అయిపోయినా కార్డు స్క్రీన్ మీదే ఉంటుంది. వెనకబడినవాళ్లు ఆ ఖాళీలో పూర్తి చేసుకుంటారు. ఆ ఖాళీలో రాట్నం చప్పుడు, ఏకే వింటి నారి చప్పుడు వినిపిస్తాయి కాబట్టి అది ఖాళీగా అనిపించదు. 18 అక్షరాల కార్డు తీసుకుంటే, 4 సెకన్లు మాట, 2 సెకన్లు చప్పుడు, మొత్తం 6 సెకన్లు. లెక్క 3కి దిగింది, వాయిస్ చెడలేదు. డైరెక్టర్‌ని ఒప్పించి ఫిల్మ్‌ని ఇంకో నిమిషం పొడిగించుకున్నాం. వడికే షాట్లు ఎలాగూ అందమైనవే, వాటిని కోసేయాల్సి వచ్చిందని అతనికి ముందునుంచీ బాధగా ఉంది.

ఈ వేగం నుంచే లైన్ పొడవు కూడా తేలింది. కార్డు 7 సెకన్లకి మించి నిలిస్తే వేగంగా చదివేవాళ్లు మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెడతారు. 7 సెకన్లంటే 21 అక్షరాలు. రెండు లైన్లు కాబట్టి లైన్‌కి 10 నుంచి 12. హాల్లో వెనక వరుసకి కనిపించేంత పెద్ద అచ్చు పెడితే 12 అక్షరాలు హాయిగా పట్టాయి.

ఇప్పుడు ఒక పేరా మొత్తం ఎలా మారిందో చూపిస్తాను. నా మొదటి రాత ఇది:

"పొందూరు పరిసర గ్రామాల్లో తరతరాలుగా కొనసాగుతున్న ఈ నూలు వడికే ప్రక్రియలో, కొండపత్తి గింజల చుట్టూ ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకకు సహజంగా ఉండే సన్నని పళ్ళతో దువ్వి శుభ్రపరచడం అత్యంత కీలకమైన తొలి దశ."

90 అక్షరాలు. వాయిస్‌లో 16 సెకన్ల పైన పట్టింది. చదివేవాళ్లకి 30 సెకన్లు కావాలి. పొడవు ఒక్కటే ఇబ్బంది అయితే అయిదు కార్డులుగా కోసి వాయిస్‌ని నిదానం చేస్తే సరిపోయేది. అసలు చిక్కు వాక్యం కట్టుబడిలో ఉంది. తెలుగులో పని ఏమిటో చివర తెలుస్తుంది. ఈ వాక్యంలో "తొలి దశ" అనే మాట వచ్చేదాకా ముందు చెప్పినవన్నీ దేనికోసమో తెలియదు. చెవికి ఇది బరువు కాదు, రాగం పట్టి సాగిపోతుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కునేవాళ్లకి మాత్రం, మొదటి కార్డులో చదివిన "ప్రక్రియలో" అనే మాటను మరో నాలుగు కార్డులు మోస్తూ పోవాలి. మూడో కార్డు దగ్గర దాన్ని వదిలేస్తారు. సరిగ్గా అక్కడే పెదవులు ఆగాయి.

కోసినప్పుడు ఇంకో ప్రమాదం కూడా చూశాను. ఫిల్మ్‌లో వేరేచోట "ఈ నూలు మిల్లులో వడికినది కాదు, చేత్తో వడికినది" అని రాశాను. లైన్ పొడవు సరిపోక కోత "వడికినది" తర్వాత పడింది. ఒక కార్డు "ఈ నూలు మిల్లులో వడికినది" అని నిలిచింది, రెండోది "కాదు, చేత్తో వడికినది" అని వచ్చింది. మొదటి కార్డు మాత్రమే పూర్తిగా చదవగలిగిన ఒకావిడ తర్వాత కోపంగా అడిగింది: "మాది మిల్లు నూలని రాసీసినారేటి?" ఆవిడ తప్పేమీ లేదు. ఆ మూడు సెకన్లు స్క్రీన్ మీద ఉన్నది అదే. తెలుగులో "కాదు", "లేదు", "వద్దు" అన్నీ చివరే వస్తాయి కాబట్టి అవి పక్క కార్డులోకి జారితే అర్థం తిరగబడుతుంది. ఇప్పుడు ఆ చోట ఇలా ఉంది: "చేత్తో వడికిన నూలు ఇది." కింద "మిల్లు నూలు కాదు." మొత్తం 16 అక్షరాలు, ఒకే కార్డు.

పేరా దగ్గరికి వస్తాను. రెండోసారి రాసేటప్పుడు మొదట షాట్లు చూశాను. గింజతో ఉన్న పత్తి చేతిలో ఉంది. తర్వాత ఎముక దగ్గరగా కనిపిస్తుంది. తర్వాత దువ్వడం. "తరతరాలుగా", "పొందూరు పరిసర గ్రామాల్లో", "అత్యంత కీలకమైన" ఇవేవీ ఆ షాట్లలో లేవు. ఊరి పేరు మొదటి నిమిషంలోనే వచ్చేసింది. తరతరాల సంగతి ఇంటర్వ్యూలో ఒకావిడ తన నోటితోనే చెప్పింది. తొలి దశ అని చెప్పనక్కర్లేదు, తొలిగానే చూపిస్తున్నాం. అవి తీసేశాక మిగిలింది ఇది:

```
14
00:01:12,000 --> 00:01:17,000
ఇది కొండపత్తి.
గింజ చుట్టూ దూది ఉంటుంది.

15
00:01:17,200 --> 00:01:23,000
ఆ దూదిని దువ్వాలి.
దువ్వెన ఒక చేప ఎముక.

16
00:01:23,200 --> 00:01:29,200
వాలుగ చేప దవడ ఇది.
సన్నని పళ్ళు చూడండి.
```

15, 17, 18. మొత్తం 50 అక్షరాలు, 17 సెకన్లు. మొదటి రాతకి పట్టిన సమయమే దాదాపు ఇదీ తీసుకుంది. కానీ ఇందులో 11 సెకన్లే మాట, మిగతా 6 సెకన్లు చప్పుడు. ప్రతి కార్డులో వాక్యం మొదలై అక్కడే ముగుస్తుంది. ఒక కార్డు తప్పిపోయినా పక్క కార్డు సొంతంగా అర్థమవుతుంది. ఒక కార్డు చివర వచ్చిన మాటను ("దూది") పక్క కార్డు మొదట్లో మళ్లీ అందుకోవడం కావాలనే చేశాను. అప్పుడే చదివిన మాట మళ్లీ కనిపిస్తే దాన్ని కూడబలుక్కోనక్కర్లేదు, చూపుతోనే గుర్తుపడతారు. అక్కడ మిగిలిన సమయం కొత్త మాటకి ("దువ్వాలి") దొరుకుతుంది. పెద్ద సాహిత్యంలో ఇది పునరుక్తి దోషమే. ఇక్కడ నాకు అది చేతికర్ర.

"సన్నని పళ్ళు చూడండి" అనడం మీద మాలో మాకు వాదన జరిగింది. చదువుతున్నవాళ్ల కన్ను కింద ఉంటే ఎముక చూడరు కదా అన్నాడు డైరెక్టర్. అందుకే ఆ మాటను కార్డు చివర పెట్టాం. "చూడండి" చదివాక మాట ఆగి 2 సెకన్లు ఉంటుంది, కన్ను పైకి వెళ్లే వీలు ఉంటుంది. అదే మాట మొదట్లో పెట్టినప్పుడు చాలామంది పైకి చూసి, కిందికి వచ్చేసరికి కార్డు మారిపోయింది.

ఇలా మొత్తం ఫిల్మ్ రాసి వినిపిస్తే డైరెక్టర్ "ఒకటో తరగతి వాచకంలా ఉంది" అన్నాడు. నిజమే. వరసగా నలభై చిన్న వాక్యాలు వింటే చెవికి విసుగు. ఇక్కడ తెలుగే నాకు సాయం చేసింది. "దువ్వి", "తీసి", "ఏకి" లాంటి అసమాపక క్రియలు ఉన్నాయి. "ఎముకకు సహజంగా ఉండే" అన్న ముక్క దగ్గర ఆగితే గాల్లో వేలాడతాం. "దువ్వి" దగ్గర ఆగితే ఒక పని అయిపోయినట్టు ఉంటుంది, ఇంకో పని రాబోతోందని కూడా తెలుస్తుంది. అక్కడ లైన్ విరిచినా, కార్డే విరిచినా చదివేవాళ్లు పడిపోరు. అందుకని పని జోరుగా సాగే షాట్ల దగ్గర ఇలాంటి వాక్యాలు పెట్టాను: "దూదిని దువ్వి, గింజ తీసి," మొదటి లైన్, "ఏకి, ఏకులు చుడతారు." రెండో లైన్. చెరో 9 అక్షరాలు. చెవికి నడక దొరికింది, కన్నుకి ఆగే చోటు దొరికింది.

మిగతా చోట్ల లైన్ విరుపు గురించి నేను పాటించింది ఒకటే: పలికేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటామో అక్కడే లైన్ మారాలి. "సన్నని" ఒక లైన్‌లో, "పళ్ళు" ఇంకో లైన్‌లో ఉండకూడదు. "చేప" పైన, "ఎముక" కింద అయితే ఒక క్షణం చేప గురించే అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను లైన్ విరిస్తే ఇలాంటివే వస్తాయి, ఎందుకంటే దానికి తెలిసింది పొడవు ఒక్కటే. ప్రతి విరుపూ చేత్తోనే పెట్టాం. దాంతోపాటు పొడుగు సమాసాలు మానేశాం. "కొండపత్తి" వాళ్ల నోటి మాట కాబట్టి ఉంచాను. "నూలువడికేప్రక్రియ" లాగా కలిపి రాసే అలవాటు మనలో కొందరికి ఉంది, అలాంటి మాట లైన్ చివర సగానికి విరిగితే పెద్దవాళ్లే తడబడతారు.

నూలు సన్నదనం చెప్పే చోట ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. పొందూరులో 100 కౌంట్ నూలు వడుకుతారు. కౌంట్ అంటే ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో ఆ సంఖ్య. 100 కౌంట్ అంటే పౌండు బరువుకి 84,000 గజాలు. నా మొదటి రాతలో ఈ నిర్వచనం అంతా ఉంది. హాల్లో ఉన్నవాళ్లకి కౌంట్ అంటే నాకన్నా బాగా తెలుసు, బయటివాళ్లకి గజాల లెక్కలో ఏమీ కనిపించదు. పౌండు అరకిలో కన్నా కొంచెం తక్కువ, 84,000 గజాలు దాదాపు 77 కిలోమీటర్లు. చివరికి రెండు కార్డులయ్యాయి. "అరకిలో కూడా లేని నూలు." అని ఒకటి, మధ్యలో రాట్నం చప్పుడు, తర్వాత "శ్రీకాకుళం నుంచి / విజయనగరం దాకా వస్తుంది." అని రెండోది. స్క్రీన్ మీద అంకె ఒక్కటి కూడా లేదు. రెండోసారి వేసినప్పుడు ఆ కార్డు దగ్గర ఒకావిడ పైకే చదివి నవ్వింది.

ఇంటర్వ్యూల దగ్గర వేరే సమస్య. అక్కడ మాట్లాడేది వాళ్లు, నేను రాసేది కాదు. "సిన్నప్పటి నుంచీ ఇదే పని" అని ఒకావిడ అంటుంది. సబ్‌టైటిల్‌లో "సిన్నప్పటి" అని రాయాలా, "చిన్నప్పటి" అని రాయాలా? రిటైరైన ఒక మాస్టారు "తప్పు స్పెల్లింగ్ నేర్పకు నాయనా" అన్నారు. చెవీ కన్నూ కలవాలనే నా పట్టుదల ప్రకారం అయితే "సి" రాయాలి. రెండూ చేసి చూశాం. "చి" రాసినప్పుడు ఎవరూ ఆగలేదు. వాళ్లు బడిలో చదువు నేర్చుకున్నప్పుడే "చి" అక్షరాన్ని చూసి తమ యాసలో "సి" అని పలకడం అలవాటు చేసుకున్నారు. వాళ్ల కన్నుకి ఆ రెండూ ఒకటే. కానీ ఇంకోచోట "ఏటవుద్ది" అన్నదాన్ని నేను "ఏమవుతుంది" అని సర్దితే, అక్కడ ఆగిపోయారు. అది శబ్దం మార్చడం కాదు, మాట మార్చడం. దాంతో పద్ధతి తేలింది: మాట వాళ్లదే ఉంచాలి, ఒక్కో శబ్దానికి మాత్రం బడి స్పెల్లింగ్ వాడొచ్చు. మాస్టారు సగం ఒప్పుకున్నారు.

ఇంటర్వ్యూలో మాట వేగాన్ని మనం తగ్గించలేం. ఆవిడ సెకనుకి 6 అక్షరాల పైనే మాట్లాడింది. ఆ రెండు నిమిషాల్లో చదివేవాళ్లు వెనకబడతారని ఒప్పుకుని, నిదానంగా చెప్పిన వాక్యాలు ఏరుకుని, మధ్యలో ఆవిడ చేతుల షాట్లు వేసి కొంత ఎడం ఇచ్చాం. అయినా ఫిల్మ్‌లో బలహీనమైన భాగం ఇప్పటికీ అదే.

అచ్చు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మొదటి ప్రదర్శనకి అరగంట ముందు మాకు పెద్ద టెన్షన్ పెట్టింది అదే. సబ్‌టైటిల్స్ విడిగా SRT ఫైల్‌లో పెట్టి, పెన్‌డ్రైవ్‌లో టీవీకి ఇచ్చాం. ల్యాప్‌టాప్‌లో బాగున్న తెలుగు టీవీలో ముక్కలైంది. వత్తులు అక్షరం కిందికి పోకుండా పక్కన పొల్లుతో సహా నిలబడ్డాయి. ఆ టీవీకి తెలుగు అక్షరాలు కూర్చడం రాదు. ఆ రోజు ల్యాప్‌టాప్ కలిపి గట్టెక్కాం, తర్వాత సబ్‌టైటిల్స్‌ని బొమ్మలోనే కలిపేశాం. అలా కలపడం వల్ల ఇంకో లాభం వచ్చింది: లైన్ల మధ్య ఎడం మన చేతిలో ఉంటుంది. పై లైన్‌లో "చుట్టూ" కింద ఉన్న వత్తు, కింది లైన్‌లో "దూది" మీది గుడిని తాకుతుంటే రెండూ కలిసి ఒక కొత్త అక్షరంలా కనిపిస్తుంది. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం తెలుగుకి చాలదు. రెండు లైన్ల మధ్య నల్ల పట్టీ స్పష్టంగా కనిపించేదాకా పెంచాం. అలాగే "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత, అక్షరాలు కలవకుండా ఆపే ZWNJ అనే కనిపించని గుర్తు పెట్టకపోతే వకారం వత్తుగా మారిపోతుంది. మా ఫిల్మ్‌లో అలాంటి ఇంగ్లీషు మాటలు రెండే వచ్చాయి, రెండూ చేత్తో సరిచేశాం.

రికార్డింగ్ రోజు వ్యాఖ్యానం చెప్పే ఆవిడకి పేరాలుగా ఉన్న కాగితం ఇవ్వలేదు. ఒక పేజీకి ఒక కార్డు చొప్పున, స్క్రీన్ మీద కనిపించే లైన్ విరుపుతోనే అచ్చు వేసి ఇచ్చాం. రేడియోలో చెప్పిన అనుభవం ఉన్న మనిషి కాబట్టి మొదట "ఇలా ముక్కలు ముక్కలుగా చెబితే భావం రాదు" అంది. నాలుగైదు కార్డులయ్యాక తనే ప్రతి పేజీ తిప్పడాన్ని ఊపిరిగా వాడుకుంది. పేజీ తిప్పేంత సేపు ఆగడమే మాకు కావలసిన మౌనం. కార్డు మాత్రం మాటకన్నా ఒక అర సెకను ముందే కనిపించేలా ఎడిటింగ్‌లో పెట్టాం. మొదటి మాట మీద కన్ను కుదురుకున్నాక చెవికి అది వినిపిస్తే కలిసి నడవడం తేలికవుతోంది.

రెండో ప్రదర్శనలో మళ్లీ గోడ పక్కనే నిలబడ్డాను. ఈసారి నాలుగో నిమిషంలో కూడా ముందు వరుసలో ఎక్కువమంది పెదవులు కదులుతున్నాయి. ఇంటర్వ్యూల దగ్గర ఆగి, వ్యాఖ్యానం రాగానే మళ్లీ అందుకున్నారు. అలా మళ్లీ అందుకోవడం మొదటిసారి ఒక్కరు కూడా చేయలేదు. కాగితం చదివినప్పుడు నిమిషం దాటినావిడ మాత్రం ఈసారీ అందుకోలేదు. ఆవిడ వేగానికి రాయాలంటే కార్డుకి ఒకే లైన్ ఉండాలి, ఫిల్మ్ ఇంకా పొడుగవ్వాలి. అది వేరే ఫిల్మ్ అవుతుంది. మరోవైపు వెనక కూర్చున్న కాలేజీ పిల్లలు "స్లోగా ఉంది అన్నా" అన్నారు. వాళ్లకోసం నెట్‌లో పెట్టే కాపీకి మౌనాలు కొంచెం కుదించాం, రాత ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఇంకా ఒక కార్డు నాకు నచ్చలేదు. చివరి నిమిషంలో, చిలపలు కట్టే చోట "కదురు మీది నూలు / చిలపగా మారుతుంది." అని ఉంది. 15 అక్షరాలే, లెక్కకి సరిపోతుంది. కానీ రెండో ప్రదర్శనలో "మారుతుంది" దగ్గర గొంతులు తగ్గాయి. వడికేవాళ్లు ఎవరూ చిలప "మారుతుంది" అనరు, "చిలప కడతాం" అంటారు. తర్వాతి కాపీలో అది "కదురు మీది నూలుతో / చిలప కడతారు." అవుతుంది. దానికోసం ఆ ఒక్క వాక్యం మళ్లీ రికార్డు చేయాలి.